ఆర్డర్ల యాప్ సస్పెండ్ అయింది, సపోర్ట్‌కు ఈ లేఖ పంపితే సరిపోతుందా?

నాటుకోడి_కర్నూలు

మాది కర్నూలులో నంద్యాల చెక్‌పోస్ట్ వైపు చిన్న హోటల్. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం నుంచి రాగి సంగటి, నాటుకోడి పులుసు. పార్శిల్ ఆర్డర్లలో ఎక్కువ భాగం మెసేజ్‌లోనే వస్తాయి. కస్టమర్ "మెనూ" అని పంపితే ఆ రోజు ఏముందో, ధర ఎంతో యాప్ పంపుతుంది. వాళ్లు ఎంచుకోగానే టోకెన్ నంబరు పోతుంది, వంటింట్లో ప్రింటర్‌లో చీటీ పడుతుంది. శనివారం సాయంత్రం ఆ మెసేజింగ్ ప్లాట్‌ఫామ్ వాళ్లు ఈ యాప్‌ను సస్పెండ్ చేశారు. ఆదివారం మాకు అసలు గిరాకీ. జనం మెసేజ్ పెడితే జవాబు పోవడం లేదు, హోటల్ మూసేశారా అని పక్క కొట్టు వాళ్లను అడుగుతున్నారట. చాలా టెన్షన్‌గా ఉంది.

సపోర్ట్‌కు పంపడానికి ఇది రాశాను. ఇంగ్లీషులోకి మా అమ్మాయి మారుస్తుంది, ముందు విషయం సరిగ్గా ఉందో లేదో చూడండి.

> సపోర్ట్ బృందానికి, మేము కర్నూలులో ఎన్నో ఏళ్లుగా నిజాయితీగా హోటల్ నడుపుతున్నాము. ఎలాంటి కారణం చెప్పకుండా మా యాప్ ఆపేశారు. మా దగ్గర పనిచేసే వాళ్ల కుటుంబాలు దీని మీదే బతుకుతున్నాయి. మేము ఎప్పుడూ స్పామ్ పంపలేదు, ఎవరినీ మోసం చేయలేదు. మా జీఎస్టీ, ఫుడ్ లైసెన్స్ అన్నీ సక్రమంగా ఉన్నాయి. దయచేసి వెంటనే మా అకౌంట్ తిరిగి ఇవ్వండి. లేకపోతే వినియోగదారుల ఫోరంకు వెళ్తాము.

టెక్_తాడిపత్రి

అన్నా, ఇది సస్పెన్షన్ కాకపోవచ్చు. మీ సర్వర్ ప్లాట్‌ఫామ్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే యాక్సెస్ టోకెన్ గడువు అయిపోయినా అచ్చం ఇలాగే ఆగిపోతుంది. కొత్త టోకెన్ తీసి సర్వర్‌లో పెట్టించు, లేఖ అవసరమే ఉండదు.

బిర్యానీ_బాషా

మాకూ ఇదే జరిగింది. డెలివరీ యాప్‌లో మా హోటల్ కనిపించకుండా పోయింది, చూస్తే ఫుడ్ లైసెన్స్ రెన్యువల్ కాలేదు. ఆ 14 అంకెల నంబరు కొత్త సర్టిఫికెట్‌తో కలిపి అప్‌లోడ్ చేస్తే తిరిగి తెరిచారు. మీరూ ముందు లైసెన్స్ చూసుకోండి, బిల్లు మీద ఆ నంబరు ఉందో లేదో కూడా.

నాటుకోడి_కర్నూలు

బాషా అన్నా, మాది డెలివరీ యాప్ కాదు. మా సొంత నంబరుకు వచ్చే మెసేజ్‌లకు జవాబిచ్చే యాప్. మాకు చేసిపెట్టిన కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు.

కోడ్_కడప

నేను ఇక్కడ బట్టల షాపులకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు ఇలాంటివే చేసి ఇస్తుంటాను. లేఖ సంగతి తర్వాత, ముందు ఆగింది ఏదో తేలాలి. యాప్ వేరు, ఫోన్ నంబరు వేరు, టోకెన్ వేరు, బిజినెస్ అకౌంట్ వేరు. నాలుగింటిలో ఏది ఆగినా కస్టమర్‌కు జవాబు రాకపోవడం ఒక్కటే కనిపిస్తుంది, కానీ ఒక్కోదానికి పెట్టుకోవాల్సిన అర్జీ వేరు. మీరు లేఖలో "అకౌంట్ తిరిగి ఇవ్వండి" అన్నారు. ఆగింది యాప్ అయితే, చదివే మనిషి అకౌంట్ తెరిచి చూసి అంతా బాగానే ఉంది కదా అని కేసు మూసేస్తాడు.

సర్వర్ లాగ్‌లో చివరి ఎర్రర్ ఏముందో ఆ బెంగళూరు కుర్రాడిని అడిగి ఇక్కడ పెట్టండి. ఎర్రర్ లైన్ ఒక్కటే పెట్టండి, `EAA`తో మొదలయ్యే పొడవైన అక్షరాల వరస కనిపిస్తే అది టోకెన్, దాన్ని ఇక్కడా పెట్టకండి, సపోర్ట్‌కు పంపే స్క్రీన్‌షాట్‌లోనూ ఉండకూడదు.

ఎమ్మిగనూరు_రాజా

ఈ లోపు సంగటి మిగిలిపోతే చెప్పన్నా, మేం పది మందిమి బండ్లు కట్టుకుని వస్తాం.

నాటుకోడి_కర్నూలు

రా తమ్ముడూ, మెసేజ్ పెట్టకుండా నేరుగా వచ్చేయ్.

కుర్రాడు పంపింది ఇది:

```
{"error":{"message":"API access blocked.",
 "type":"OAuthException","code":200}}
```

కోడ్_కడప

టోకెన్ సమస్య కాదు. టోకెన్ గడువు తీరితే 190 వచ్చేది, సెషన్ ఎక్స్‌పైర్ అయిందని అందులోనే రాసి ఉంటుంది. బిజినెస్ అకౌంట్‌కే తాళం పడితే 131031. చివరి మెసేజ్ వచ్చి 24 గంటలు దాటాక మామూలు మెసేజ్ పంపబోతే 131047, అది సస్పెన్షనే కాదు, అప్పుడు ముందే అనుమతి తీసుకున్న టెంప్లేట్ పంపాలి. మీకు వచ్చింది యాప్‌కే అడ్డు పడ్డప్పుడు ఎక్కువగా కనిపించే మాట. ఇప్పుడు మేనేజర్ పేజీలో మీ నంబరు పక్కన ఏముందో చూడండి.

నాటుకోడి_కర్నూలు

`Connected` అని ఉంది. క్వాలిటీ ఆకుపచ్చగా ఉంది.

కోడ్_కడప

అయితే నంబరు మీద మచ్చ లేదు. కస్టమర్లు మిమ్మల్ని బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టి ఉంటే ఆ రంగు పసుపో ఎరుపో అయ్యేది. కాబట్టి లేఖలో "మేము స్పామ్ పంపలేదు" అన్న మాటే అనవసరం. వాళ్లు మోపని తప్పుకు మీరు జవాబు చెప్పుకుంటున్నట్టు అవుతుంది, చదివే వాడి దృష్టి అటు పోతుంది. ఆపిన కారణం నోటీసులో ఉండే ఉంటుంది. అది యాప్ అడ్మిన్ మెయిల్‌కు, యాప్ డాష్‌బోర్డ్‌లోని అలర్ట్ బాక్స్‌కు వస్తుంది. అడ్మిన్ ఎవరు?

నాటుకోడి_కర్నూలు

ఆ కుర్రాడే. ఆ మెయిల్ పాతదట, తెరవడం మానేశాడట. ఇప్పుడు అడిగితే వెతుకుతానన్నాడు.

బేకరీ_అనంత

మాది అనంతపురంలో బేకరీ. మాది ఇంకో రకం. బిల్లింగ్ మిషన్‌లో ఉన్న నంబర్లన్నీ తీసి ఒక బల్క్ సాఫ్ట్‌వేర్‌తో ఉగాదికి ఆఫర్ పంపించారు మా వాళ్లు. అది అధికారిక పద్ధతి కాదు, ఫోన్‌లో క్యూఆర్ స్కాన్ చేసి వెబ్ లాగా నడిపేది. సాయంత్రానికి నంబరే పోయింది. రివ్యూ అడిగితే తిరస్కరించారు. షాపు బోర్డు, కేకు డబ్బాలు అన్నిటి మీదా ఆ నంబరే. ఇప్పటికీ కొత్త నంబరు తెలియని వాళ్లు ఉన్నారు. మీకు నంబరు ఆకుపచ్చగా ఉందంటే చాలా అదృష్టం, దాన్ని కాపాడుకోండి.

టెక్_తాడిపత్రి

సరే, టోకెన్ కాదు. అయినా ఇంత తిప్పలు ఎందుకు? నంబరు బాగుంది, బిజినెస్ అకౌంట్ బాగుంది. అన్న పేరు మీద కొత్త యాప్ ఒకటి పెట్టి, ఆ అకౌంట్‌కు తగిలించి, వెబ్‌హుక్ చిరునామా మార్చితే గంటలో ఆర్డర్లు వస్తాయి. పాత యాప్ పోతే పోనీ.

కోడ్_కడప

సాంకేతికంగా నువ్వు చెప్పింది పనిచేస్తుంది. కానీ ఒక యాప్‌ను నిబంధనల కింద ఆపాక, దాని పనే చేసే ఇంకో యాప్ పెట్టడాన్ని తప్పించుకునే ప్రయత్నంగా చూడొచ్చు. అప్పుడు చర్య యాప్‌తో ఆగకుండా బిజినెస్ అకౌంట్ దాకా వస్తే, ఇప్పుడు పచ్చగా ఉన్న నంబరు కూడా పోతుంది. అర్జీ తేలేదాకా నేనైతే పెట్టను.

టెక్_తాడిపత్రి

ఆగిన యాప్ కుర్రాడిది, కొత్తది హోటల్ వాళ్లది. ఓనరు వేరైతే తప్పించుకోవడం ఎలా అవుతుంది? మా క్లయింట్ ఒకాయనకు నేనే ఇలా చేసిపెట్టాను, ఇంతవరకు ఏమీ కాలేదు.

బేకరీ_అనంత

ఏమీ కాలేదు అని మా వాళ్లు కూడా మధ్యాహ్నం దాకా అన్నారు.

నాటుకోడి_కర్నూలు

నోటీసు దొరికింది. యాప్‌కు ఇచ్చిన ప్రైవసీ పాలసీ లింక్ తెరుచుకోవడం లేదని, సరిచేయమని ముందే ఒక హెచ్చరిక వచ్చిందట. గడువులోగా చేయలేదు కాబట్టి యాక్సెస్ ఆపామని రెండో మెయిల్. రెండూ ఆ పాత మెయిల్‌లో పడి ఉన్నాయి. లింక్ నొక్కితే ఏదో డొమైన్ అమ్మకానికి ఉంది అనే పేజీ వస్తోంది. కుర్రాడు కాలేజీ రోజుల్లో కొన్న డొమైన్ అట, రెన్యువల్ చేయలేదు.

మేము వంట చేసి అమ్ముకునే వాళ్లం, మాకు ఒక్క ముక్క తెలియకుండా ఇంత నడిచింది. బాధేస్తోంది.

కోడ్_కడప

ఇది మంచి వార్తే అన్నా. సరిచేయగలిగిన కారణం ఇది, సరిచేశామని చూపించనూ వచ్చు. అయితే వరుస తప్పకూడదు. చాలామంది ముందు అర్జీ పెట్టేసి తర్వాత పేజీ బాగుచేస్తారు. రివ్యూ చేసేవాళ్లు లింక్ నొక్కినప్పుడు పాత పేజీయే వస్తే తిరస్కరిస్తారు.

పేజీ మీ సొంత డొమైన్‌లో పెట్టండి, రెన్యువల్ మీ చేతిలో ఉండేలా. డ్రైవ్‌లో ఫైల్ పెట్టి లింక్ ఇవ్వకండి, లాగిన్ అడిగితే వాళ్లకు తెరుచుకోనట్టే లెక్క. అందులో మీరు నిజంగా చేసేదే రాయండి. కస్టమర్ నంబరు, పేరు, ఆర్డర్, డెలివరీ అయితే చిరునామా తీసుకుంటాం, ఆర్డర్ ఇవ్వడానికీ బిల్లుకూ వాడతాం, ఎవరికీ అమ్మం, ఎన్నాళ్లు ఉంచుతాం, తీసేయమంటే ఎవరికి రాయాలి. ఎక్కడి నుంచో ఎత్తిరాసిన పాలసీలో లొకేషన్ తీసుకుంటాం, కాంటాక్టులు చదువుతాం అని ఉంటుంది, మీ యాప్ అవి చేయదు, దానివల్ల ఇంకో ప్రశ్న పుడుతుంది. డేటా తొలగింపు చిరునామాకు యాప్ సెట్టింగ్స్‌లో వేరే గడి ఉంటుంది, అందులోనూ పాత డొమైనే ఉందేమో చూడండి.

పెట్టాక ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో, వైఫై తీసేసి తెరవండి. కుర్రాడిని ఇది కొట్టమనండి:

```
curl -I https://example.in/privacy
```

మీ చిరునామా పెట్టి కొడితే మొదటి లైన్‌లో 200 రావాలి. 404 వస్తే పేజీ లేదని. బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుంటూ ఇక్కడ 403 వస్తే హోస్టింగ్ వాళ్లు బాట్‌లను అడ్డుకుంటున్నారని అనుమానించాలి. ప్లాట్‌ఫామ్ ఆ లింక్‌ను మొదట చూసేది బాట్‌తోనే. మనకు కనిపిస్తుంది, వాళ్లకు కనిపించదు, ఇక వాదన తెగదు.

ఆదోని_పద్మ

నేను జీఎస్టీ పనులు చేస్తాను, యాప్‌ల సంగతి తెలియదు కానీ ఒక్కటి అడుగుతాను. మీది ప్రొప్రైటర్‌షిప్పేనా? అయితే జీఎస్టీ సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ అంటే మీ పేరు, ట్రేడ్ నేమ్ అంటే హోటల్ పేరు. మా క్లయింట్లకు బ్యాంకులో, ఆన్‌లైన్ వెరిఫికేషన్‌లో ఎక్కువగా ఇక్కడే ఆగుతుంది. లేఖలో హోటల్ పేరు, అకౌంట్‌లో మీ పేరు ఉంటే ఇద్దరూ ఒకటే అని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? రెండు పేర్లూ ఒకే వాక్యంలో రాయండి.

ఇంకొకటి, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం కస్టమర్‌కు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ మన భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలి. ఎలాగూ పేజీ రాస్తున్నారు కాబట్టి కింద తెలుగులో కూడా పెట్టేయండి.

నాటుకోడి_కర్నూలు

ప్రొప్రైటర్‌షిప్పే అక్కా. పేజీ పెట్టించాము, 200 వస్తోంది, తెలుగులో కూడా పెట్టాము. ఇప్పుడు లేఖ ఎవరు పంపాలి? నేనా, కుర్రాడా?

కోడ్_కడప

యాప్ అడ్మిన్‌గా ఉన్న లాగిన్ నుంచే పోవాలి. మీ మెయిల్ నుంచి రాస్తే ఈ యాప్‌తో మీకేం సంబంధం అంటారు. డాష్‌బోర్డ్‌లో ఆ అలర్ట్ కిందే రివ్యూ అడిగే బటన్ ఉంటే అక్కడే పెట్టించండి, విడిగా హెల్ప్ ఫారం నింపడం కంటే అది నేరుగా కేసుకు జతపడుతుంది. అదే చేత్తో మిమ్మల్ని కూడా అడ్మిన్‌గా చేర్చమనండి, కాంటాక్ట్ మెయిల్ మీది పెట్టించండి. మీ వైపు నుంచి ఆహ్వానం అంగీకరించేదాకా అది లెక్కలోకి రాదు.

లేఖ పొట్టిగా ఉండాలి. కుటుంబాల మాట, వినియోగదారుల ఫోరం మాట రెండూ తీసేయండి. మొదటిదాని మీద వాళ్లు నిర్ణయం తీసుకోలేరు, రెండోది ఉంటే లేఖ లీగల్ వాళ్ల దగ్గరికి పోయి ఆలస్యం కావచ్చు. ఇలా రాయండి:

> విషయం: యాప్ `App ID ______` యాక్సెస్ పునరుద్ధరణకు రివ్యూ అభ్యర్థన.
>
> ఈ యాప్ కర్నూలులోని మా హోటల్ (ట్రేడ్ నేమ్ ______, యజమాని లీగల్ నేమ్ ______) కోసం పనిచేస్తుంది. శనివారం, తేదీ ______, సాయంత్రం 6:40కి, భారత కాలమానం ప్రకారం, దీని యాక్సెస్ ఆగింది. అప్పటి నుంచి యాప్ పంపే ప్రతి రిక్వెస్ట్‌కూ code 200, "API access blocked." వస్తోంది.
>
> ప్రైవసీ పాలసీ లింక్ తెరుచుకోవడం లేదన్నది మీ నోటీసులో ఉన్న కారణం. పాత డొమైన్ గడువు ముగియడం వల్ల అలా జరిగింది. కొత్త పాలసీ పేజీ ______ వద్ద ఉంది, లాగిన్ అవసరం లేదు. యాప్ సెట్టింగ్స్‌లో పాలసీ లింక్, డేటా తొలగింపు లింక్ రెండూ మార్చాము. హెచ్చరికలు అందేలా రెండో అడ్మిన్‌ను చేర్చి, కాంటాక్ట్ మెయిల్ మార్చాము.
>
> కస్టమర్ ముందుగా మెసేజ్ పంపినప్పుడే ఈ యాప్ జవాబు ఇస్తుంది: మెనూ, ఆర్డర్ నిర్ధారణ, టోకెన్ నంబరు. ఫోన్ నంబరు, పేరు, ఆర్డర్ వివరాలు, డెలివరీ అయితే చిరునామా మాత్రమే నిల్వ చేస్తాము.
>
> యాప్‌ను పరిశీలించి యాక్సెస్ పునరుద్ధరించమని కోరుతున్నాము. ఇంకేదైనా నిబంధన మిగిలి ఉంటే అది ఏదో తెలియజేయగలరు.
>
> జతచేసినవి: సెట్టింగ్స్ పేజీ స్క్రీన్‌షాట్, జీఎస్టీ సర్టిఫికెట్.

చివరి వాక్యం తీసేయకండి. అది లేకపోతే వచ్చే జవాబు "కుదరదు" అని ఒక్క ముక్కలో రావచ్చు. ఏది మిగిలిందో అడిగితే కనీసం దాని పేరు చెప్పే అవకాశం ఉంటుంది.

ఎమ్మిగనూరు_రాజా

"ముందుగా మెసేజ్ పంపినప్పుడే" అని రాశారు. అన్నా, ఆదివారం పొద్దున నాటుకోడి రెడీ అని మాకు మీ నుంచి వస్తుంది కదా?

కోడ్_కడప

రాజా మంచిది పట్టాడు. అది నిజమైతే లేఖలో ఉండాలి. పంపిన మెసేజ్‌ల లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది, మనం రాసినదానికీ దానికీ తేడా వస్తే మిగతా లేఖను కూడా నమ్మరు. ఆ ఆదివారం మెసేజ్ ఎవరెవరికి పోతుంది?

నాటుకోడి_కర్నూలు

అది కావాలని బటన్ నొక్కిన వాళ్లకే. ఆర్డర్ అయ్యాక "ఆదివారం స్పెషల్ తెలియజేయమంటారా" అని అడుగుతుంది, అవును అంటేనే. "వద్దు" అని పంపితే ఆగిపోతుంది. టెంప్లేట్ అనుమతి కూడా ఉంది.

కోడ్_కడప

అయితే నిశ్చింతగా రాయండి: "వారానికి ఒకసారి, అంగీకరించిన కస్టమర్లకు మాత్రమే, ఆమోదం పొందిన టెంప్లేట్‌తో స్పెషల్ మెనూ పంపుతాము, వద్దు అన్న వెంటనే ఆపుతాము." ఎవరు ఎప్పుడు అవును అన్నారో ఆ వివరం డేటాబేస్‌లో ఉందో లేదో చూసుకోండి, అడిగితే చూపించాలి.

బిర్యానీ_బాషా

ఈ లోపు ఆ నంబరును మామూలు ఫోన్‌లో వేసుకుని చేత్తో జవాబు ఇవ్వొచ్చు కదా? సిమ్ మీ దగ్గరే ఉంది.

కోడ్_కడప

సిమ్‌కు ఫోన్ కాల్స్ వస్తాయి, వాటికేం ఇబ్బంది లేదు. మెసేజింగ్‌లో మాత్రం, ఆ నంబరును ఫోన్ యాప్‌లోకి తేవడానికి ఇప్పుడున్న చోటు నుంచి తొలగించాల్సి వస్తే ఆ పని చేయకండి. తిరిగి చేర్చేటప్పుడు వెరిఫికేషన్, పేరు ఆమోదం మళ్లీ మొదటికి రావచ్చు. పైగా రివ్యూ నడుస్తుండగా యాప్‌కు నంబరే లేకపోతే వాళ్లు దేన్ని పరీక్షిస్తారు? ఇంకో నంబరు మీద ఆర్డర్లు తీసుకోండి, మ్యాప్ లిస్టింగ్‌లో, హోటల్ బయట బోర్డు మీద అది పెట్టండి.

టెక్_తాడిపత్రి

నేను ఇప్పటికీ కొత్త యాప్ పెట్టమనే అంటాను. ఆగింది లింక్ పనిచేయక, మోసం చేసినందుకు కాదు. ఇంత చిన్న దానికి బిజినెస్ అకౌంట్ మీదికి వస్తారా?

కోడ్_కడప

రాకపోవచ్చు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేం. అన్న ఇష్టం.

నాటుకోడి_కర్నూలు

కొత్తది పెట్టడం లేదు. బేకరీ వాళ్ల నంబరు సంగతి విన్నాక ధైర్యం చాలడం లేదు. కుర్రాడి లాగిన్ నుంచి లేఖ పోయింది, `In review` అని చూపిస్తోంది. నన్ను అడ్మిన్‌గా చేర్చాడు.

బేకరీ_అనంత

ఒకసారి పెట్టాక మళ్లీ మళ్లీ పెట్టకండి. మేము కంగారులో రోజూ పెట్టాము, ఒక్కోసారి ఒక్కో కారణం రాశాము.

నాటుకోడి_కర్నూలు

జవాబు వచ్చింది. పాలసీ పేజీ తెరుచుకుంటోంది కానీ అందులో ఉన్న వ్యాపారం పేరు, యాప్‌కు జతైన వెరిఫై అయిన బిజినెస్ పేరు ఒకటి కాదట, స్పష్టం చేయమన్నారు. పేజీలో హోటల్ పేరు ఒక్కటే పెట్టాము, అక్కడ నా పేరు ఉంది. పద్మక్క చెప్పింది లేఖలో రాశాము గానీ పేజీలో రాయలేదు.

ఆదోని_పద్మ

పేజీ మొదటి వాక్యంలోనే పెట్టండి: ఫలానా వ్యక్తి యాజమాన్యంలో ఫలానా ట్రేడ్ నేమ్‌తో నడిచే హోటల్, జీఎస్టీ నంబరు ఇది అని. అక్షరాలు సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఇంటి పేరు ముందుంటే ముందే, పొట్టి చేయకుండా.

కోడ్_కడప

మార్చాక అదే కేసులో జవాబుగా రాయండి, కొత్త అర్జీ తెరవకండి. రెండు వాక్యాలు చాలు: పేజీలో ఏం మార్చారో, సర్టిఫికెట్‌లో ఆ రెండు పేర్లు ఎక్కడ ఉన్నాయో. సర్టిఫికెట్ మళ్లీ జతచేయండి, పాతది తెరిచి వెతకరు.

నాటుకోడి_కర్నూలు

పేజీ మార్చాము, అదే కేసులో ఇప్పుడే పంపాము. ఈ ఆదివారం ఆర్డర్లు రెండో నంబరుకు కాల్ చేసి ఇస్తున్నారు, ఒక మనిషిని ఫోన్ దగ్గర కూర్చోబెట్టాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.